మా ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గర ఆగిందో చెప్పండి

హనుమకొండ, వరంగల్ జిల్లాల బ్యాంకు మేనేజర్లకు, ఇంటి లోన్ల ప్రాసెసింగ్ సెంటర్లలో పనిచేసే అధికారులకు నమస్కారం.

నేను కాజీపేటలో ఉంటాను. ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. ఈ ఏడాది మడికొండలో ఒక పాత ఇల్లు కొన్నాను. దాని లోను కోసం 87 రోజులు తిరిగాను. లోను చివరికి వచ్చింది, ఇల్లు మా పేరు మీదికి మారింది. కాబట్టి ఇప్పుడు నాకు మీతో తెమలాల్సిన పని ఏదీ లేదు. అయినా ఈ ఉత్తరం రాయడానికి కారణం ఉంది. ఆ 87 రోజుల్లో నా ఫైలు ఎక్కడెక్కడ ఎన్నాళ్లు ఆగిందో తర్వాత ఒక్కొక్క తేదీ వెతికి రాసుకున్నాను. ఆ కాగితం చూస్తే, లోను ఆలస్యం కావడం కన్నా, ఎక్కడ ఆలస్యమవుతుందో మాకు తెలియకపోవడమే పెద్ద నష్టమని అర్థమైంది. ఇందులో బ్యాంకు పేరు చెప్పను. నా బాధ ఒక్క బ్యాంకు గురించి కాదు. మా స్టాఫ్ రూమ్‌లో లోను పెట్టుకున్న వాళ్లు వేర్వేరు బ్యాంకుల కస్టమర్లు, అందరూ వినే మాట ఒకటే: "ఫైలు పైకి పోయింది సార్, ప్రాసెస్‌లో ఉన్నది."

ముందు నా సంగతి చెప్తాను. ఇంటి ధర 48 లక్షలు. జూన్ 3న అగ్రిమెంటు రాసుకుని 5 లక్షలు బయానా ఇచ్చాను. గడువు 90 రోజులు, అంటే సెప్టెంబర్ 1 వరకు. ఆలోగా మిగతా డబ్బు కట్టి రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, లేకపోతే బయానా మీద హక్కు పోతుందని అగ్రిమెంటులోనే ఉంది. ఇల్లు అమ్మిన పెద్దాయన రైల్వేలో పనిచేసి రిటైర్ అయ్యారు. బిడ్డ పెళ్లి పెట్టుకున్నారు, ఆ డబ్బు మీదే ఆయన లెక్కలన్నీ. 36 లక్షల లోను కోసం జూన్ 9న మా బ్రాంచిలో ఫైలు ఇచ్చాను. జీతం స్లిప్పులు, ఫారం 16, అగ్రిమెంటు, అమ్మేవాళ్ల దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఇంటి పన్ను రసీదు అన్నీ ఉన్నాయి. ఫీల్డ్ ఆఫీసర్ మర్యాదగానే తీసుకున్నారు. అయితే తీసుకున్నట్టు కాగితం ఏదీ ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

జూన్ 24న నా ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. ఫలానా బ్యాంకు మీ క్రెడిట్ రిపోర్టు చూసింది అని. అప్పుడు దాని విలువ నాకు తెలియలేదు. బ్యాంకు మన సిబిల్ తీసినప్పుడల్లా మనకు మెసేజో మెయిలో రావాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. నా విషయంలో ఆ మెసేజ్ ఏం చెప్పిందంటే, నా దరఖాస్తు ఆ రోజే మీ కంప్యూటర్‌లోకి ఎక్కింది. అంటే జూన్ 9 నుంచి 24 దాకా 15 రోజులు నా ఫైలు బ్రాంచి బీరువాలో ఉంది. ఆ 15 రోజులూ నేను ఇంట్లో "లోను ప్రాసెస్ అవుతోంది" అని చెప్తూనే ఉన్నాను.

ఆ తర్వాత పని సాగింది. జూలై 1న వాల్యుయర్ వచ్చి ఇల్లు కొలుచుకున్నారు. నా స్కూలుకి ఒకరు, ఇంటికి ఒకరు వెరిఫికేషన్‌కి వచ్చారు. జూలై 7న అడ్వకేట్ గారి ఆఫీసుకి వెళ్లి, అమ్మేవాళ్ల ఒరిజినల్ దస్తావేజులు చూపించాం. అక్కడితో నిశ్శబ్దం. బ్యాంకు యాప్‌లో చూస్తే `Under Process`. వారం తర్వాత అదే, నెల తర్వాత అదే. బ్రాంచికి ఆరు సార్లు వెళ్లాను. మధ్యలో ఫీల్డ్ ఆఫీసర్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది. కొత్తగా వచ్చినవారు నా ముఖం చూసి, "పైన ఉన్నది సార్, మా చేతిలో లేదు" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకూ అంతే తెలుసు.

ఆగస్టు 19న సెలవు పెట్టి ప్రాసెసింగ్ సెంటర్‌కే వెళ్లాను. అక్కడి అధికారి ఒకరు నంబరు కొట్టి స్క్రీన్ చూసి ఆశ్చర్యపోయారు. "మీ ఫైలు మా దగ్గర లేదు కదా. జూలై 17నే క్వెరీ వేసి బ్రాంచికి రిటర్న్ చేసినం" అన్నారు. క్వెరీ ఏంటని అడిగితే చదివి వినిపించారు. రెండు లైన్లు. మడికొండ గ్రామ పంచాయతీగా ఉన్నప్పుడు రాసిన దస్తావేజులో ఇంటి నంబరు ఒకటి, కార్పొరేషన్‌లో కలిసిన తర్వాత వచ్చిన పన్ను రసీదులో నంబరు ఇంకొకటి. ఈ రెండు నంబర్లూ ఒకే ఇంటివని కార్పొరేషన్ నుంచి రుజువు తేవాలని అడ్వకేట్ గారు తన రిపోర్టులో రాశారు. అడగాల్సిన ప్రశ్నే అది. పాత నంబరుతో ఈసీ తీస్తే ఒక చరిత్ర వస్తుంది, కొత్త నంబరుతో తీస్తే ఏమీ రాదు. ఆ ముడి విప్పకుండా 36 లక్షలు ఇవ్వమంటే ఏ బ్యాంకూ ఇవ్వదు. వరంగల్ చుట్టూ శివారు ఊళ్లు కార్పొరేషన్‌లో కలిశాయి కాబట్టి ఇది నా ఒక్క ఇంటి సమస్య కూడా కాదు.

మరి ఆ రెండు లైన్లు 33 రోజులు ఎక్కడున్నాయి? ట్రాన్స్‌ఫర్ అయి వెళ్లిన ఆఫీసర్ లాగిన్‌లో. సెంటర్ వాళ్ల లెక్కలో ఫైలు బ్రాంచిది. బ్రాంచి వాళ్ల లెక్కలో ఫైలు సెంటర్‌ది. నేను మాత్రం ఆ రెంటి మధ్య బస్సుల్లో తిరుగుతున్నాను.

మీ ఇంటి లోపలి సంగతి బయటివాడిగా నాకు ఎంత అర్థమైందో చెప్తాను, తప్పైతే దిద్దండి. ఫైలు తీసుకునేవారు ఒకరు, పరిశీలించేవారు ఒకరు, మంజూరు చేసేవారు ఇంకొకరు. ఇది మంచి పద్ధతే. తెచ్చినవాడే సంతకం పెడితే మోసాలకు దారి దొరుకుతుంది. ప్రతి ఒక్కరికీ ఒక లాగిన్ ఉంటుంది, ఫైలు ఒక లాగిన్ నుంచి ఇంకో లాగిన్‌కి ముందుకు పోతుంది, లేదా క్వెరీతో వెనక్కి వస్తుంది. మధ్యలో ముగ్గురు బయటివాళ్లు ఉంటారు: అడ్వకేట్, వాల్యుయర్, వెరిఫికేషన్ ఏజెన్సీ. అన్ని రిపోర్టులూ వచ్చాక మంజూరు. మంజూరు తర్వాత మళ్లీ డాక్యుమెంటేషన్. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఇన్ని చేతులు మారితే, నా యాప్‌లో మాత్రం ఒకే ఒక్క మాట. బీరువాలో ఉన్నా అదే, అడ్వకేట్ దగ్గర ఉన్నా అదే, నేనే తేవాల్సిన కాగితం కోసం ఆగినా అదే.

అన్నింటికన్నా ప్రమాదం ఈ చివరిది. వాల్యుయర్ ఆలస్యం చేస్తే నేను చేయగలిగింది పెద్దగా లేదు, ఎదురుచూడాలి. క్వెరీ వచ్చినప్పుడు పని నాది. నాకు చెప్పనంతసేపూ ఎవరూ ఆ పని చేయరు. సెంటర్‌లో ఆ అధికారి ఇంకో మాట చెప్పారు. క్వెరీ వేసి రిటర్న్ చేయగానే ఫైలు వాళ్ల పెండింగ్ జాబితాలోంచి పోతుందట, రోజుల లెక్క అక్కడ ఆగుతుందట. మళ్లీ బ్రాంచి పంపినప్పుడే అది వాళ్లకు కనబడుతుంది. మీ రిపోర్టుల్లో ఆ 33 రోజులు ఎవరి ఖాతాలోనూ లేవన్నమాట. నా అగ్రిమెంటులో మాత్రం ఒక్క రోజు కూడా ఆగలేదు.

మిగతాది త్వరగా చెప్తాను. ఆగస్టు 20న కార్పొరేషన్‌లో దరఖాస్తు పెట్టాను. ఇల్లు చూడడానికి మనిషి వచ్చారు, 25న ధ్రువపత్రం చేతికొచ్చింది, 26న బ్రాంచిలో ఇచ్చాను. ఈలోగా నేను జూన్‌లో ఇచ్చిన మార్చి, ఏప్రిల్, మే జీతం స్లిప్పులు పాతబడ్డాయి. కొత్తవి అడిగారు. సిబిల్ రెండోసారి తీశారు. ఆలస్యం వల్ల కాగితాలు పాతబడతాయి, పాతబడిన కాగితాల వల్ల ఇంకా ఆలస్యం అవుతుంది. అడ్వకేట్ గారి ఫైనల్ రిపోర్టు 29న వచ్చింది, సెప్టెంబర్ 4న మంజూరైంది. అప్పటికి అగ్రిమెంటు గడువు దాటి మూడు రోజులు.

పెద్దాయన మంచివారు. "సార్, మీరు మోసం చేసేటోళ్లు కాదని నాకు తెలుసు. కని పెళ్లి పనులు ఆగినయి. ఇంకో రెండు లక్షలు చేతికియ్యండి, నెల గడువు రాసిస్త" అన్నారు. ఆయన అడిగింది న్యాయం. ఆ 2 లక్షలు తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. నెలకు 4,000. డబ్బు పెద్దది కాదు. ఆ వారం రోజులు ఇంట్లో ఎవరమూ సరిగా నిద్రపోలేదు. 5 లక్షలంటే మా పన్నెండేళ్ల పొదుపు.

ఇప్పుడు లెక్క చూడండి. జూన్ 9 నుంచి సెప్టెంబర్ 4 వరకు 87 రోజులు. కంప్యూటర్‌లోకి ఎక్కకుండా బ్రాంచిలో 15. సిబిల్ నుంచి క్వెరీ దాకా 23. క్వెరీ నాకు తెలియకుండా 33. తెలిశాక మంజూరు దాకా 16, అందులో ఏడు రోజులు నావి. అంటే నా ఫైలు మీద మీరు నిజంగా పనిచేసినవీ, నేను చేసినవీ కలిపితే 39 రోజులు. మిగతా 48 రోజులు ఎవరూ ఏ పనీ చేయలేదు. క్వెరీ వేసిన జూలై 17నే నాకు ఒక ఫోన్ వచ్చి ఉంటే, అదే 16 రోజుల లెక్కన ఆగస్టు 2కి మంజూరయ్యేది. గడువుకు ఇంకా నెల మిగిలేది.

అందుకని మిమ్మల్ని వేగంగా చేయమని అడగడం లేదు. ఒక్కో ఆఫీసర్ మీద ఎంత పని ఉంటుందో బ్రాంచిలో నిలబడి కళ్లారా చూశాను. లోను ఇచ్చి తీరాలని కూడా అడగను, అది మీ నిర్ణయం. నేను అడిగేది చాలా చిన్నది. `Under Process` అన్న చోట మూడు సంగతులు రాయండి: ఫైలు ఎవరి దగ్గర ఉంది, ఏ తేదీ నుంచి ఉంది, తర్వాతి పని ఎవరిది. నా విషయంలో జూలై 17న నా ఫోన్‌కి ఇలా ఒక మెసేజ్ వస్తే చాలు: "మీ దరఖాస్తు 17-07 నుంచి బ్రాంచిలో ఆగి ఉంది. పాత, కొత్త ఇంటి నంబర్లు ఒకే ఇంటివని కార్పొరేషన్ ధ్రువపత్రం మీరు ఇవ్వాలి." ఇంతే. దీనికి కొత్త మనిషి అక్కర్లేదు. క్వెరీ టైప్ చేసిన అధికారి అప్పటికే ఆ వాక్యం టైప్ చేశారు, అది నా ఫోన్‌కి కూడా రావాలి, అంతే తేడా.

లీగల్ రిపోర్టు బ్యాంకు సొంతం, కస్టమర్‌కి ఇవ్వం అని ఒక మేనేజర్ నాతో అన్నారు. ఉంచుకోండి. నాకు రిపోర్టు వద్దు. నేను ఏ కాగితం తేవాలో ఆ ఒక్క లైను కావాలి. ఇంకో విన్నపం కూడా ఇందులోనే ఉంది. క్వెరీలు విడివిడిగా కాకుండా ఒకేసారి అడగండి. నా కొలీగ్ ఒకరికి ఒక క్వెరీ తీరిస్తే ఇంకోటి, అది తీరిస్తే మూడోది వచ్చింది. మూడూ మొదటి రోజు ఫైలు చూస్తేనే కనబడేవి.

ఇది నేను కొత్తగా కోరుతున్నదీ కాదు. రిజర్వ్ బ్యాంకు 2003 మేలో రుణదాతల కోసం ఇచ్చిన న్యాయమైన విధానాల మార్గదర్శకాల్లోనే ఈ మాటలున్నాయి. దరఖాస్తు తీసుకుంటే రసీదు ఇవ్వాలి. 2 లక్షల లోపు రుణమైతే ఎన్నాళ్లలో తేలుస్తారో ఆ రసీదులోనే రాయాలి. అదనపు వివరాలు, కాగితాలు కావాలంటే వెంటనే తెలియజేయాలి. తిరస్కరిస్తే ముఖ్యమైన కారణం రాతపూర్వకంగా చెప్పాలి, ఇది మొదట 2 లక్షల లోపు రుణాలకే ఉండేది, 2007లో అన్ని రుణాలకూ పెట్టారు. నాది 36 లక్షలు కాబట్టి రోజుల గడువు నాకు వర్తించదని ఒప్పుకుంటాను. "వెంటనే తెలియజేయాలి" అన్న మాటకు అలాంటి పరిమితి లేదు. 33 రోజులు వెంటనే కాదు.

అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు కదా అని నాకు సలహా ఇచ్చారు. ఆ దారి నాకు తెలుసు. ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అప్పుడు రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి `cms.rbi.org.in` లో పెట్టుకోవచ్చు. ప్రభుత్వ రంగ బ్యాంకైతే పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయొచ్చు, దానికీ 30 రోజులే. 90 రోజుల అగ్రిమెంటు చేతిలో పట్టుకున్నవాడు ఇంకో 30 రోజులు ఎక్కడినుంచి తేవాలి? అవి జరిగిపోయిన తప్పుకు మందులు. జరుగుతున్నప్పుడు పనికొచ్చేది ఆ ఒక్క మెసేజే.

మీరు మార్చేదాకా మా వాళ్లకు నేను చెప్తున్నది కూడా మీకు తెలియాలి, రేపు మీ కౌంటర్ దగ్గర వాళ్లు ఇలా అడుగుతారు కాబట్టి. "సార్, ఎంతవరకు వచ్చింది?" అని అడగొద్దంటున్నాను. ఆ ప్రశ్నకు "ప్రాసెస్‌లో ఉన్నది" అన్నదే జవాబు. "ఫైలు ఇప్పుడు ఎవరి లాగిన్‌లో ఉంది, ఎన్నో తారీకు నుంచి ఉంది, దాని మీద క్వెరీ ఏమైనా ఉందా?" అని అడగమంటున్నాను. ఇచ్చిన నంబరు ఏ నంబరో కూడా కనుక్కోమంటున్నాను. ఆన్‌లైన్‌లో వివరాలు నింపగానే వచ్చేది ఆసక్తి చూపినందుకు ఇచ్చిన నంబరు మాత్రమే కావచ్చు, అసలు దరఖాస్తు నంబరు ఫైలు సిస్టమ్‌లో ఎక్కాక వస్తుంది. ఫైలు ఇచ్చి వారం దాటినా సిబిల్ మెసేజ్ రాకపోతే, ఫైలు సిస్టమ్‌లోకి ఎక్కిందా లేదా అని బ్రాంచిలో ముందు అదే అడగమంటున్నాను. సిబిల్ వచ్చి వాల్యుయర్ రాకపోతే ఆ కబురు వెళ్లిందా అని అడగాలి. వాల్యుయర్, వెరిఫికేషన్ వాళ్లు వచ్చి వెళ్లాక రెండు వారాలు చప్పుడు లేదంటే క్వెరీ ఉందేమో అని ముందు అనుమానించాలి. నా అనుభవంలో నిశ్శబ్దానికి అసలు అర్థం అదే.

ఇంకొక్కటి. జీతం చూసి ముందుగా ఇచ్చే సూత్రప్రాయ మంజూరు లెటర్ చూపించి అగ్రిమెంటు రాసుకున్న వాళ్లను నాకు తెలుసు. ఆ లెటర్ కస్టమర్ ఆదాయం గురించి చెప్తుంది, ఇంటి గురించి ఏమీ చెప్పదు. లీగల్, వాల్యుయేషన్ ఇంకా మొదలే కాలేదు. ఆ ముక్క లెటర్ మీదే తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. వాల్యుయేషన్ సంగతి కూడా అందులోనే చెప్పండి. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు లోనుకు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వరాదు కదా. నా ఇంటికి వాల్యుయర్ 46 లక్షలే వేశారు, దానిలో 80 శాతం 36 లక్షల 80 వేలు, కాబట్టి బయటపడ్డాను. ఇంకో లక్షన్నర తక్కువ వేసి ఉంటే నేను అడిగిన 36 లక్షలు రావు, ఆ తేడా చివరి వారంలో నేనే వెతుక్కోవాలి.

ప్రతి బ్రాంచిలో కస్టమర్లను కూడా కూర్చోబెట్టుకుని నెల నెలా జరగాల్సిన కస్టమర్ సర్వీస్ కమిటీ ఒకటి ఉంటుందని ఈ మధ్యే తెలిసింది. మీ దగ్గర ఆ మీటింగ్ ఏ రోజు పెడుతున్నారో నోటీసు బోర్డు మీద రాయండి. నా తేదీల కాగితం, ఆ 33 రోజుల క్వెరీ నకలు పట్టుకుని స్కూలు అయిపోగానే వస్తాను. వచ్చే వారం మా స్కూల్లోనే ఇంకో టీచరమ్మ లోను ఫైలు ఇస్తున్నారు. ఆమె అగ్రిమెంటు గడువు 60 రోజులే.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయుడు,
కాజీపేట